టార్గెట్ డేట్ ఫండ్లు, వయసును బట్టి పెట్టుబడి పాళ్లు: ముప్ఫైల్లో ఉన్న 401(కె) ఖాతాదారుల ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగంలో చేరిన రోజున నింపే కాగితాల్లో 401(కె) ఒకటి, రిటైర్మెంట్ కోసం జీతంలోంచి దాచుకునే ఖాతా అది. ఆ రోజు మనసంతా కొత్త ఆఫీసు మీద, అద్దె ఇంటి మీద ఉంటుంది. ఎంత శాతం జీతం కోయాలో ఒక అంకె రాసి సంతకం పెట్టేస్తాం. అయిదారేళ్ల తరవాత తీరిగ్గా ఖాతా తెరిస్తే, డబ్బంతా పేరు చివర 2055 అనో 2060 అనో ఉన్న ఒక ఫండులో కనిపిస్తుంది. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు పోయిన దసరాకు నా ముందు ల్యాప్‌టాప్ పెట్టి అడిగిన ప్రశ్నలే ఇక్కడ చాలావరకు ఉన్నాయి. ఆమె 1991లో పుట్టింది. జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. అందులో 10 శాతం, అంటే 11,000 డాలర్లు తను వేస్తుంది. కంపెనీ మ్యాచింగ్‌గా 4,400 కలుపుతుంది. ఖాతాలో అప్పటికి 90,000 డాలర్లు ఉన్నాయి. లెక్కలన్నీ ఆమె అంకెలతోనే చెబుతాను.

ఈ ఫండును నేను ఎంచుకోలేదు. నా డబ్బు అందులోకి ఎలా వెళ్లింది?

మీరు ఏదీ ఎంచుకోకపోతే కంపెనీ ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. 2006లో వచ్చిన పెన్షన్ ప్రొటెక్షన్ చట్టానికి ముందు, చాలా కంపెనీలు అలాంటి డబ్బును పెద్దగా పెరగని మనీ మార్కెట్ ఫండులో పడేసేవి. ఆ చట్టం ఆధారంగా 2007లో కార్మిక శాఖ నియమాలు తెచ్చింది. ఉద్యోగి ఏమీ చెప్పనప్పుడు డబ్బును ఏ రకం పథకంలో పెడితే ఆ ఎంపిక వల్ల వచ్చే నష్టాలకు యజమానిని బాధ్యుణ్ణి చేయరో ఆ నియమాలు చెప్పాయి. ఆ రకాల్లో ఒకటి టార్గెట్ డేట్ ఫండు, అంటే మీ ఖాతాలో కనిపించిన, పేరు చివర సంవత్సరం ఉండే ఫండు. 1994లోనే పుట్టిన ఈ ఫండ్లు దాదాపు ప్రతి ఆఫీసుకూ చేరింది ఆ తరవాతే.

పేరులో ఉన్న 2055 దేనికి గుర్తు? ఆ ఏడాది డబ్బు చేతికి వస్తుందా?

రాదు. అది బాండు గడువు తీరే తేదీ లాంటిది కాదు. 2055 ప్రాంతంలో ఉద్యోగం మానేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టుబడి పాళ్లు కుదిర్చామని మాత్రమే దాని అర్థం. ఆ సంవత్సరానికి ఇంత మొత్తం ఉంటుందన్న హామీ కూడా ఏదీ లేదు.

ఇలాంటి ఫండు లోపల మామూలుగా మరికొన్ని ఫండ్లు ఉంటాయి. ఉదాహరణకు వాన్‌గార్డ్ 2055 ఫండు (తెరమీద VFFVX అని కనిపిస్తుంది) లోపల ప్రధానంగా నాలుగు ఇండెక్స్ ఫండ్లు, అంటే ఒక సూచీలో ఉన్నవాటినే కొని ఉంచుకునే ఫండ్లు ఉంటాయి: అమెరికా షేర్లు, ఇతర దేశాల షేర్లు, అమెరికా బాండ్లు, ఇతర దేశాల బాండ్లు. ముప్ఫైల్లో ఉన్నవారికి షేర్ల పాలు 90 శాతం దాకా ఉంటుంది. సుమారు నలభయ్యో ఏట నుంచి అది మెల్లగా తగ్గుతూ, 65 వచ్చేసరికి 50 శాతానికి చేరుతుంది. అక్కడితో ఆగకుండా మరో ఏడేళ్లు దిగి, 30 శాతం దగ్గర స్థిరపడుతుంది. వయసుతో పాటు షేర్ల పాలు ఇలా దిగే దారినే గ్లైడ్ పాత్ అంటారు. విమానం ఒక్కసారిగా కాకుండా మైళ్ల దూరం నుంచే ఎత్తు తగ్గించుకుంటూ వచ్చినట్టు అన్నమాట.

ఈ దారి అన్ని కంపెనీలకూ ఒకటే కాదు. బ్లాక్‌రాక్ లైఫ్‌పాత్ ఇండెక్స్ ఫండ్లు ముప్ఫైల్లో దాదాపు మొత్తం షేర్లలోనే ఉండి, రిటైరయ్యే ఏడాదికి 40 శాతానికి దిగి అక్కడే ఆగుతాయి. టి. రో ప్రైస్ రిటైర్మెంట్ ఫండ్లు 65 ఏళ్లప్పుడు 55 శాతం షేర్లతో ఉండి, ఆ తరవాత ఇంకా చాలా ఏళ్లు తగ్గుతూ పోతాయి. కాబట్టి పేరులో సంవత్సరం ఒకటే అయినంత మాత్రాన లోపలి సరుకు ఒకటే అనుకోకూడదు.

ముప్ఫై నాలుగేళ్లకు 90 శాతం షేర్లలోనా? వందలోంచి వయసు తీసేస్తే వచ్చేదే షేర్ల పాలని విన్నానే?

ఆ పాత సూత్రం ప్రకారం మా చెల్లెలికి 66 శాతం వస్తుంది. ఫండు 90 పెట్టింది. తేడా ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది.

2008లో అమెరికాలోని ఎస్ అండ్ పి 500 సూచీ డివిడెండ్లు కలిపి చూసినా 37 శాతం పడింది. అలాంటి ఏడాది మళ్లీ వచ్చిందనుకుందాం. లెక్క సులువుగా ఉండేందుకు బాండ్లు కదలలేదనుకుందాం. ఆమె 90,000లో 81,000 షేర్లలో ఉంది. అందులో 37 శాతం, అంటే సుమారు 30,000 డాలర్లు పోతాయి. వినడానికి గుండె గుభేలుమంటుంది. కానీ ఆమె ఖాతాలోకి ఏటా 15,400 డాలర్లు వస్తున్నాయి. పోయింది రెండేళ్ల జమతో సమానం. పైగా ఆ రెండేళ్ల జమ కూడా పడిన ధరకే కొత్త షేర్లను కొంటుంది.

ఇప్పుడు అరవై ఏళ్ల మనిషిని చూడండి. ఖాతాలో 10 లక్షల డాలర్లు ఉన్నాయి, అందులో 60 శాతం షేర్లు, ఏటా పడే జమ అదే 15,400. అదే పతనంలో ఆయనకు 2,22,000 డాలర్లు పోతాయి. అది పద్నాలుగేళ్ల జమ. ఆయనకు జీతం వచ్చేదేమో ఇంకా అయిదేళ్లు.

షేర్ల పాలు వయసుతో తగ్గడానికి అసలు కారణం ఇదే. "ఎక్కువ కాలం ఆగితే షేర్లు ఎలాగూ పెరుగుతాయి" అన్న మాట మీద నేను ఆధారపడను, అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. ముప్ఫైల్లో ఉన్నవారి ఆస్తిలో పెద్ద భాగం ఖాతాలో లేదు, ఇంకా సంపాదించాల్సిన ముప్ఫై ఏళ్ల జీతంలో ఉంది. నెలనెలా వచ్చే ఆ జీతం బాండు మీద వడ్డీ లాంటిది. ఆ బాండు మీ దగ్గర ఉంది కాబట్టే ఖాతాలో బాండ్లు తక్కువ పెట్టగలుగుతున్నారు. జీతపు ఏళ్లు కరిగేకొద్దీ ఆ లోటును ఖాతాలో పూడుస్తూ రావాలి.

నా జీతం అంత నమ్మకమైనది కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పైగా హెచ్-1బి. అయినా 90 శాతమేనా?

ఈ ప్రశ్న మనవాళ్లలో ప్రతి ఒక్కరూ వేసుకోవాలి, ఎందుకంటే ఫండు వేసుకోదు. దానికి మీ గురించి తెలిసింది ఒకే ఒక్క అంకె, మీరు రిటైరయ్యే సంవత్సరం. టెక్నాలజీ షేర్లు పడిన కాలంలోనే టెక్నాలజీ కంపెనీలు మనుషులను తీసేస్తాయి. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవారికి మరో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం విడవడానికో సాధారణంగా దొరికేది 60 రోజుల గడువు. అంటే మీ జీతం బాండులా కాకుండా కొంత షేరులా ప్రవర్తిస్తుంది.

అయితే దీనికి మందు 401(కె) లోపల వెతకవద్దని నా సలహా. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందు అక్కడి నుంచి తీస్తే, పన్నుతో పాటు మామూలుగా 10 శాతం జరిమానా పడుతుంది. అందులో బాండ్లు పెంచుకున్నంత మాత్రాన కష్టకాలంలో అవి చేతికి అందవు. ఆరేడు నెలల ఖర్చు, ఇండియాకు కుటుంబమంతటికీ టికెట్లు కలిపి మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఆ దన్ను ఉంటే ఖాతాలోని 90 శాతాన్ని కదపాల్సిన పని రాదు. కంపెనీ ఇచ్చిన షేర్లు చేతికి వస్తుంటే వాటిని ఎప్పటికప్పుడు అమ్మేయడం కూడా ఇందులో భాగమే. జీతమూ దాచుకున్నదీ ఒకే కంపెనీ మీద ఆధారపడటం నిజంగా ప్రమాదం.

మార్కెట్ పడినప్పుడు టార్గెట్ డేట్ ఫండు కాపాడుతుందా?

ముప్ఫైల్లో ఉన్నవారిని కాపాడదు. మార్కెట్‌తో పాటే పడుతుంది, అలా ఉండేలాగే దాన్ని తయారుచేశారు.

రిటైర్మెంట్ దగ్గరపడినవారిని కూడా ఎంతవరకు కాపాడుతుందో 2008 చూపించింది. 2010లో రిటైరయ్యేవారి కోసం పెట్టిన 31 ఫండ్లు ఆ ఒక్క ఏడాదిలో సగటున దాదాపు 25 శాతం పోగొట్టాయి. వాటిలో ఒకటి 3.6 శాతంతో బయటపడితే, మరొకటి 41 శాతం పోగొట్టింది. అన్నింటి పేరులోనూ 2010 అనే ఉంది! 2009 జూన్‌లో సెక్యూరిటీస్ కమిషన్, కార్మిక శాఖ కలిసి దీనిపై విచారణ జరిపాయి. 2022లో మరో రకం దెబ్బ తగిలింది. వడ్డీ రేట్లు పెరగడంతో ఎస్ అండ్ పి 500 సుమారు 18 శాతం పడిన ఏడాదిలోనే అమెరికా బాండ్ల ప్రధాన సూచీ కూడా 13 శాతం పడింది. షేర్లు పడితే బాండ్లు ఆదుకుంటాయన్న లెక్క ఆ ఏడాది పనిచేయలేదు.

ఈ ఫండు చేసే మేలు వేరే ఉంది. షేర్లు పడి వాటి పాలు 90 నుంచి 86కు తగ్గితే, కొత్తగా వచ్చే డబ్బుతో షేర్లు కొని, అవసరమైతే కొన్ని బాండ్లు అమ్మి, మళ్లీ 90కి తెస్తుంది. అందరూ భయపడి అమ్ముతున్న రోజున మన చేతులు చేయలేని పని అది. ఆ రోజున మీరు ఖాతాలోకి వెళ్లి ఫండునే అమ్మేస్తే ఆ మేలు కాస్తా పోయినట్టే.

డబ్బంతా ఒకే ఫండులో ఉంటే భయంగా ఉంది. పక్కన ఇంకో రెండు కలుపుకోవచ్చా?

మా చెల్లెలు సరిగ్గా అదే చేసింది. "అన్నయ్యా, అంతా ఒక్కచోట ఎందుకని మూడు చోట్ల పంచాను" అంది. సగం 2055 ఫండులో, పావు వంతు ఎస్ అండ్ పి 500 ఫండులో, మిగతా పావు "భద్రంగా ఉంటుందని" స్టేబుల్ వాల్యూ ఫండులో. తెరమీద మూడు రంగుల వృత్తం ముచ్చటగానే ఉంది. కాగితం మీద ఆ వృత్తాన్ని విప్పాం.

2055 ఫండులోని 45,000లో షేర్లు 40,500, బాండ్లు 4,500. ఎస్ అండ్ పి ఫండులోని 22,500 మొత్తం షేర్లే. స్టేబుల్ వాల్యూలోని 22,500లో షేర్లు అసలు లేవు. కలిపితే 90,000లో షేర్లు 63,000, అంటే 70 శాతం. ముప్ఫై నాలుగేళ్ల అమ్మాయి యాభైల మధ్యలో ఉన్నవారి పాళ్లతో నడుస్తోంది, ఆ సంగతి తనకే తెలియదు.

రెండో తేడా అంత త్వరగా కంటికి ఆనదు. వాన్‌గార్డ్ ఫండు షేర్లలో సుమారు 60 శాతం అమెరికావి, 40 శాతం ఇతర దేశాలవి. మా చెల్లెలి 63,000 షేర్లలో అమెరికా వాటా 74 శాతానికి చేరింది. ఎస్ అండ్ పి ఫండులోని కంపెనీలన్నీ 2055 ఫండు లోపల అప్పటికే ఉన్నాయి. తను పంచాననుకుంది కానీ నిజానికి వాటినే రెండోసారి కొంది.

మూడోది ముందు ముందు ఇబ్బంది పెట్టేది. సగం డబ్బు మాత్రమే గ్లైడ్ పాత్ మీద దిగుతుంది. మిగతా సగం ఎక్కడ పెట్టింది అక్కడే ఉండి, మార్కెట్ ఎటు నెడితే అటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఏటా తనే కూర్చుని సరిచేయాలి, అలా చేసేవాళ్లను నేను చాలా కొద్దిమందినే చూశాను.

ఒకే ఫండు అన్నది పేరుకే. దాని కింద అమెరికాలోనూ బయటా ఉన్న వేలాది కంపెనీలు, వేలాది బాండ్లు ఉన్నాయి. ఇది నచ్చకపోతే పూర్తిగా వదిలి, అమెరికా షేర్లు, ఇతర దేశాల షేర్లు, బాండ్లు అనే మూడు ఇండెక్స్ ఫండ్లతో సొంతంగా పాళ్లు కట్టుకోవడం గౌరవించదగ్గ పని. రెండూ కలపడమే వద్దు. మా చెల్లెలు ఆ మధ్యాహ్నమే అంతా 2055లోకి మార్చింది. 401(కె) లోపల ఫండు మార్చుకుంటే పన్ను పడదు కాబట్టి పది నిమిషాల్లో అయిపోయింది. ఉన్న డబ్బును మార్చడం ఒక మీట, రాబోయే జమ ఎటు వెళ్లాలో చెప్పడం మరో మీట. ఈ రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. అప్పుడు పాత డబ్బు కొత్త ఫండులో, కొత్త డబ్బు పాత ఫండ్లలో పడుతూనే ఉంటుంది.

ఖర్చు ఎంత ఉండాలి?

ఇండెక్స్ ఫండ్లతో కట్టిన టార్గెట్ డేట్ ఫండుకు ఏడాదికి 0.08 నుంచి 0.15 శాతం దాకా అయితే మంచి ధరే. మేనేజర్లు షేర్లు ఏరి నడిపేవాటికి 0.75 శాతం దాకా కూడా ఉంటుంది. పేర్లు కూడా తికమక పెడతాయి. ఫిడెలిటీలో ఫ్రీడమ్ ఒకటి, ఫ్రీడమ్ ఇండెక్స్ మరొకటి. రెండింటి చివరా అదే సంవత్సరం ఉంటుంది. ఇండెక్స్ రకానికి 0.12 శాతమే.

మా చెల్లెలి అంకెలతోనే చూద్దాం. ధరల పెరుగుదల పోగా ఏటా 5 శాతం పెరుగుతుందని ఊహించాను, అది ఊహ మాత్రమే. ఇప్పుడున్న 90,000కు తోడు 31 ఏళ్లపాటు ఏటా 15,400 చొప్పున వేస్తూ పోతే, 0.08 శాతం ఖర్చున్న ఫండులో చివరికి సుమారు 14.7 లక్షల డాలర్లు ఉంటాయి. అదే 0.75 శాతం ఖర్చున్న ఫండులో 12.8 లక్షలు. తేడా 1,90,000 డాలర్లు, అంటే ఆమె పన్నెండేళ్ల జమ. ఆ డబ్బుకు బిల్లు ఎప్పుడూ రాదు. ఫండు విలువలోంచే రోజూ కొంత కొంత పోతుంది కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు.

కంపెనీ ఏటా పంపే ఫీజుల నోటీసులో ఈ అంకె ఉంటుంది. పెద్ద కంపెనీల్లో కొన్నిసార్లు ఫండుకు బదులు కలెక్టివ్ ట్రస్ట్ ఉంటుంది, దానికి అయిదక్షరాల గుర్తు ఉండదు, గూగుల్‌లో దొరకదు. దాని వివరాలకు ఆ నోటీసే దిక్కు.

మీ ప్లానులో ఖరీదైన రకం ఒక్కటే ఉంటే, పైన చెప్పిన మూడు ఇండెక్స్ ఫండ్ల దారి ఆలోచించండి. అయితే కంపెనీ మ్యాచింగ్ వచ్చేంతవరకు మాత్రం జమ ఆపకండి. ఎంత ఖరీదైన ఫండయినా ఆ 4,400ను తినేయలేదు.

2055 మంచిదా, 2060 మంచిదా?

1991కి 65 కలిపితే 2056, దగ్గరిది 2055. ఈ వయసులో దీని గురించి అంతకు మించి ఆలోచించనక్కరలేదు. వాన్‌గార్డ్‌లో ఈ రెండు ఫండ్ల పాళ్లూ ముప్ఫైల్లో దాదాపు ఒకటే. నలభై దాటాక దారులు వేరవుతాయి. 55కే ఉద్యోగం మానాలన్న గట్టి ఆలోచన ఉంటే అప్పుడు 2045 వైపు చూడవచ్చు.

ఇదే ఫండును మామూలు బ్రోకరేజ్ ఖాతాలో కొనవచ్చా?

వద్దు. రిటైర్మెంట్ ఖాతాలో ఫండు లోపల జరిగే అమ్మకాలకు పన్ను పడదు. బయట ఆ లాభాలు పంచినప్పుడు, మీరు ఒక్క యూనిట్ అమ్మకపోయినా పన్ను కట్టాలి. 2021లో వాన్‌గార్డ్ ఫండ్లలో ఇదే జరిగింది. సంస్థల కోసం పెట్టిన చౌక రకంలో చేరడానికి కావలసిన కనీస మొత్తాన్ని 2020 చివర్లో 10 కోట్ల డాలర్ల నుంచి 50 లక్షలకు తగ్గించడంతో, చాలా ప్లాన్లు మామూలు రకం నుంచి అటు తరలిపోయాయి. వాటికి డబ్బు ఇవ్వడానికి ఫండు భారీగా అమ్మాల్సి వచ్చింది. బయటి ఖాతాల్లో మిగిలిన చిన్న మదుపరుల మీద ఊహించని పన్ను పడింది. 2025 జనవరిలో ఆ సంస్థ 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి ఆ వ్యవహారాన్ని పరిష్కరించుకుంది.

ఊళ్లో పొలం, హైదరాబాదులో ఫ్లాటు ఉన్నాయి. వాటిని లెక్కలో వేసుకోవాలా?

వేసుకోవాలి, కానీ బాండ్లుగా కాదు. పొలం అవసరమైన నెలలో అమ్ముడుపోదు, దాని ధర ఎంతో రోజూ తెలియదు. ఫ్లాటు మీద ఇంకా లోను ఉంటే అది బాండుకు ఎదురు, అంటే మీరే వడ్డీ కట్టే బాండు. ఇండియాలో పనిచేసిన రోజుల పీఎఫ్ ఖాతా ఉంటే దాన్ని మాత్రం నిశ్చింతగా బాండ్ల పక్కన రాసుకోండి. ఏటా ప్రకటించే వడ్డీతో నడిచే డబ్బు అది.

తిరిగి వెళ్లాలనుకునేవారు మరొకటి గమనించాలి. ఫండు రిటైర్మెంట్ దగ్గరపడేకొద్దీ కొనే బాండ్లు డాలర్ల ఖర్చును ఉద్దేశించినవి. మీ ఖర్చు రూపాయల్లో ఉండబోతుంటే ఆ భద్రత పూర్తిగా సరిపోదు. ముప్ఫైల్లో దీనికి చేయవలసింది ఏమీ లేదు. యాభై దాటాక రూపాయల్లో కొంత ఎఫ్‌డీగా, ప్రభుత్వ బాండ్లుగా కూడబెట్టుకోవడం మొదలుపెట్టాలి.

ఇండియాలో ఇలాంటిది ఉందా? మా తమ్ముడు విజయవాడలో పనిచేస్తున్నాడు.

ఎన్‌పీఎస్‌లో ఆటో చాయిస్ ఎంచుకుంటే దాదాపు ఇదే పని జరుగుతుంది. కానీ దారి చాలా వేరు. ఆటో చాయిస్‌లో ఏమీ చెప్పనివారికి వర్తించే ఎల్‌సీ 50 రకంలో 35 ఏళ్ల దాకా షేర్లు 50 శాతం. అక్కడి నుంచి ఏటా రెండు శాతం చొప్పున తగ్గి 55కు 10 శాతమే మిగులుతుంది. ఎల్‌సీ 75లో 75తో మొదలై 55కు 15కు దిగుతుంది. అదే 55 ఏళ్లకు డల్లాస్‌లోని అక్క ఫండులో షేర్లు ఇంకా 70 శాతం దాకా ఉంటాయి.

తమ్ముడికి పీఎఫ్ కూడా కోస్తుంటే, అతని బాండ్ల పాలు అక్కడే బలంగా ఉంది. ముప్ఫైల్లో అతను ఎల్‌సీ 50లో ఉండిపోవడం నా దృష్టిలో అతి జాగ్రత్త. 35 దాటకముందే ఎల్‌సీ 75 వైపు చూడమనండి, ఎందుకంటే అక్కడ తగ్గుదల ఆ వయసు నుంచే మొదలవుతుంది.

ఏడాదికి ఒకసారి ఏం చూసుకోవాలి?

ఫండు ధర చూడనక్కరలేదు. ఉద్యోగం మారినా, కంపెనీ ప్లాను నడిపే సంస్థను మార్చినా, మీ డబ్బు అదే రకం ఫండులోకి వెళ్లిందా, ఖరీదైన రకంలోకి జారిందా అని ఫీజుల నోటీసులో చూడండి. పాత కంపెనీ ఖాతాలు రెండు మూడు ఉంటే వాటి పాళ్లన్నీ కలిపి ఒకే కాగితం మీద వేయండి. భార్యాభర్తలిద్దరికీ ఖాతాలుంటే ఇద్దరివీ ఆ కాగితం మీదికే రావాలి. జీతం పెరిగిన నెలలో జమ శాతాన్ని 10 నుంచి 11కు పెంచండి. మా చెల్లెలు 401(కె) పేజీ మూసే ముందు చివరగా చేసిన మార్పు అదే.